నిచ్చెన వేస్తే ఆట పొడవైంది

సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు మా అన్నయ్య కూతురు అరుగు మీద సుద్దముక్కతో చిన్న వైకుంఠపాళి గీసింది. నూరు గళ్లు గీసే ఓపిక లేక ఒకే వరసలో 8 గళ్లు పెట్టింది. 4వ గడి నుంచి 8వ గడికి ఒక నిచ్చెన. పాము ఒక్కటీ లేదు. పాచిక దొరక్కపోతే రూపాయి బిళ్ల తీసుకున్నాం. బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు గళ్లు. కాయ పండాలంటే 8లో సరిగ్గా దిగాలి. 7లో ఉండి రెండు పడితే కాయ అక్కడే ఉంటుంది, పందెం వృథా.

నాలుగైదు ఆటలయ్యాక ఆ పిల్ల మళ్లీ సుద్దముక్క అందుకుంది. "బాబాయ్, ఇంకో చిన్న నిచ్చెన వేద్దాం. అప్పుడు ఇంకా తొందరగా పండుతుంది" అంటూ 3 నుంచి 5కి ఒకటి గీసింది. నేనూ సరేనన్నాను. నిచ్చెన అంటే పైకి తీసుకెళ్లేదే కదా, ఆట తగ్గక పెరుగుతుందా అనుకున్నాను. ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేసి చూస్తే, ఆ చిన్న నిచ్చెన వల్ల ఆట సగటున పొడవైంది. పొరపాటు చేశానేమోనని రెండుసార్లు వేశాను. అంతే వచ్చింది.

ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. కూడికలు, సగాలు తెలిస్తే చాలు. దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం చాలా లోతైనది. దాని పేరు మార్కోవ్ చైన్.

ఆంద్రేయ్ మార్కోవ్ రష్యన్ గణిత శాస్త్రవేత్త. ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఘటనల వరసల గురించి 1906లో రాయడం మొదలుపెట్టాడు. 1913లో పుష్కిన్ కావ్యం 'యెవ్‌గేనీ అనేగిన్' నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తరవాత అచ్చు ఎంత తరచుగా వస్తోంది, హల్లు తరవాత అచ్చు ఎంత తరచుగా వస్తోంది అని చేత్తో లెక్కపెట్టాడు. ఆయన పట్టుకున్న లక్షణం ఇది: ఇప్పుడు ఎక్కడున్నామో తెలిస్తే తరవాత ఏం జరగవచ్చో చెప్పడానికి అది చాలు. ఇక్కడికి ఎలా వచ్చామో అక్కర్లేదు.

వైకుంఠపాళి అచ్చంగా ఇలాంటి ఆటే. కాయ 3వ గడిలో ఉందంటే, అది 1 మీదుగా వచ్చిందా, 2 మీదుగా వచ్చిందా, పాము నోట్లో పడి వచ్చిందా అన్నది తరవాతి పందేనికి పట్టదు. ఆడేవాళ్లు ఎంచుకునేదీ ఏమీ లేదు, పందెం పడినంత జరపడమే. అష్టాచెమ్మా అలా కాదు. ఏ కాయ జరపాలి, ఎవరి కాయను చంపాలి అన్న నిర్ణయం మన చేతిలో ఉంటుంది కాబట్టి దాన్ని ఇంత తేలిగ్గా లెక్కలో పెట్టలేం. ఇళ్లలో ఆడే కొన్ని షరతులు వైకుంఠపాళిని కూడా కాస్త చిక్కు చేస్తాయి. ఉదాహరణకి, వరసగా మూడు ఆర్లు పడితే అన్నీ రద్దు అనే షరతు ఉంటే, కాయ ఏ గడిలో ఉందో తెలిస్తే సరిపోదు, ఇప్పటికి ఎన్ని ఆర్లు పడ్డాయో కూడా తెలియాలి. అప్పుడు '20వ గడి, ఒక ఆరు పడింది', '20వ గడి, రెండు ఆర్లు పడ్డాయి' అని వాటిని వేరువేరు స్థితులుగా రాసుకోవాలి. చేయగలం, పట్టిక పెద్దదవుతుంది, అంతే.

ఇక అరుగు మీది పటానికి వద్దాం. ప్రతి గడికీ ఒక సంఖ్య వేసుకుందాం. ఆ గడిలో ఉన్నప్పుడు పండడానికి సగటున ఇంకా ఎన్ని పందేలు కావాలో చెప్పే సంఖ్య. దీన్ని 'మిగులు' అందాం. మనకి కావాల్సింది ఆట మొదట్లో, అంటే 0 దగ్గర ఉన్న మిగులు. కిటుకు ఏమిటంటే లెక్క మొదటి నుంచి కాకుండా చివరి నుంచి వేయాలి.

8లో మిగులు 0, ఆట అయిపోయింది. 7లో ఉంటే బొమ్మ పడేదాకా ఎదురుచూడాలి. సగం అవకాశం ఉన్నది జరగడానికి సగటున రెండుసార్లు వేయాలి కాబట్టి 7 మిగులు 2. 6లో ఉన్నవాడు ఒక పందెం వేస్తాడు, ఆ తరవాత సగం అవకాశంతో 7లో ఉంటాడు, సగం అవకాశంతో పండిపోతాడు. కాబట్టి

6 మిగులు = 1 + ½ × 2 + ½ × 0 = 2

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. గమ్యానికి ఒక గడి దూరంలో ఉన్నా, రెండు గళ్ల దూరంలో ఉన్నా మిగులు ఒకటే. సరిగ్గా దిగాలన్న షరతు వల్ల చివర్లో దూరానికి విలువ పోతుంది. ఆరు ముఖాల పాచికతో ఆడే పెద్ద పటంలో కూడా ఇంతే. చివరి గళ్లలో పాములు లేవనుకుంటే 94 నుంచి 99 దాకా ఏ గడిలో ఉన్నా సగటున 6 పందేలు పడతాయి. 94లో ఉన్నవాడు 99లో ఉన్నవాడిని చూసి అసూయపడనక్కర్లేదు.

అదే పద్ధతిలో 5 మిగులు 1 + ½ × 2 + ½ × 2, అంటే 3. 4లో దిగగానే నిచ్చెన ఎక్కి పండిపోతాం కాబట్టి దాని మిగులు 0. 3 నుంచి బొమ్మ పడితే 4, బొరుసు పడితే 5; దాని మిగులు 1 + ½ × 0 + ½ × 3 = 2.5. ఇలాగే వెనక్కి నడిస్తే 2 మిగులు 2.25, 1 మిగులు 3.375, మొదలు దగ్గర 3.8125 వస్తాయి. ఈ పటంలో ఆట సగటున 3.8 పందేలు నడుస్తుందన్నమాట. నిచ్చెన అసలు లేకపోతే అదే లెక్క 6.2 ఇస్తుంది. కాబట్టి పెద్ద నిచ్చెన తన పని బాగానే చేస్తోంది.

ఇప్పుడు మా అమ్మాయి గీసిన చిన్న నిచ్చెన, 3 నుంచి 5కి. పైన వచ్చిన సంఖ్యల్లో 3 మిగులు 2.5, 5 మిగులు 3. అంటే 5వ గడి గమ్యానికి రెండు గళ్లు దగ్గరగా ఉన్నా, కాలంలో చూస్తే 3 కంటే దూరంగా ఉంది. కారణం 4వ గడి. 3లో నిలబడ్డవాడి ముందు పెద్ద నిచ్చెన కాలు ఉంది, సగం అవకాశం చేతిలో ఉంది. 5కి వెళ్లినవాడు ఆ అవకాశాన్ని దాటేశాడు. చిన్న నిచ్చెన అతన్ని పైకి ఎక్కించినట్టే ఎక్కించి పెద్ద నిచ్చెన అందకుండా చేసింది.

నష్టం ఎంతో కూడా కచ్చితంగా చెప్పొచ్చు. 3లో దిగినవాడికి అర పందెం నష్టం. అసలు 3లో దిగే అవకాశం ఎంత? మొదటి పందెంలో 1లో దిగే అవకాశం సగం. 2లో దిగే అవకాశం మూడు వంతులు, ఎందుకంటే నేరుగా రెండు పడి రావచ్చు, ఒకటి పడి మళ్లీ ఒకటి పడి రావచ్చు. 3కి 1 నుంచి గానీ 2 నుంచి గానీ రావాలి, ప్రతిదాన్నుంచీ సగం అవకాశం. సగంలో సగం, మూడు వంతుల్లో సగం కలిపితే 5/8. అర పందేన్ని 5/8తో గుణిస్తే 5/16, అంటే 0.3125. దాన్ని 3.8125కి కలిపితే 4.125. చిన్న నిచ్చెన మిగులును పెట్టి మొత్తం లెక్క మళ్లీ వేసినా ఇదే వస్తుంది.

నిచ్చెన పొడవు చూసి దాని విలువ చెప్పలేం అన్నది నాకు ఇందులో దొరికిన అసలు సంగతి. కాలు ఉన్న గడి మిగులెంత, తల ఉన్న గడి మిగులెంత, ఆ కాలు దగ్గరకి కాయ ఎంత తరచుగా వస్తుంది, ఈ మూడే చూడాలి. పాముకీ అదే కొలత.

నూరు గళ్ల అసలు పటంలో ఇలా జరుగుతుందా అన్న అనుమానం వస్తుంది. జరుగుతుంది, పైగా అది అచ్చులో ఉన్న సంగతే. గణితజ్ఞులు ఎక్కువగా లెక్కకట్టింది అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1943లో తెచ్చిన 'చ్యూట్స్ అండ్ ల్యాడర్స్' పటాన్ని. మన దగ్గర వైకుంఠ ఏకాదశి జాగారానికి ఆడుకునే పరమపద సోపాన పటంలో పాములు పాపాలు, నిచ్చెనలు పుణ్యాలు. ఆ ఆటే ఇంగ్లండ్ మీదుగా అమెరికా చేరేసరికి పాములు పోయి జారుడుబల్లలు వచ్చాయి. ఆ పటంలో 9 నిచ్చెనలు, 10 జారుడుబల్లలు ఉంటాయి. అన్నిటికంటే పెద్ద నిచ్చెన 28 నుంచి 84కి ఎక్కిస్తుంది. 80 నుంచి నేరుగా 100కి పోయే నిచ్చెన ఇంకొకటి ఉంది. అన్నిటికంటే పెద్ద జారుడు 87 నుంచి 24కి.

ఈ పటాన్ని మార్కోవ్ చైన్‌గా రాయాలంటే ముందు స్థితులు లెక్కపెట్టాలి. పటం బయటి మొదలుతో కలిపి 101 చోట్లు. కానీ నిచ్చెన కాలు మీదో, జారుడుబల్ల పైనో కాయ ఎప్పుడూ నిలబడి ఉండదు, దిగిన వెంటనే రెండో చివరికి పోతుంది. అలాంటివి 19 తీసేస్తే 82 స్థితులు మిగులుతాయి. ఒక్కో స్థితికి ఒక అడ్డువరస పెట్టి, అక్కడి నుంచి ఒక్క పందెంలో ఎక్కడెక్కడికి ఎంతెంత అవకాశంతో పోతామో ఆ వరసలో రాయాలి. ఇలా 82 అడ్డువరసలు, 82 నిలువువరసల పట్టిక తయారవుతుంది. దీన్నే మాత్రిక అంటారు.

తప్పులు దొర్లేది ఇక్కడే. పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది: ప్రతి అడ్డువరస మొత్తం సరిగ్గా 1 రావాలి, ఎందుకంటే కాయ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. 97 వరస మొత్తం 1 కంటే తక్కువ వచ్చిందంటే, నాలుగు, అయిదు, ఆరు పడినప్పుడు కాయ కదలకుండా అక్కడే ఉంటుందన్న సంగతి మరిచిపోయామన్నమాట.

ఆ తరవాత మిగులు లెక్క. అరుగు పటంలో చేసినట్టు చివరి నుంచి వరసగా వెనక్కి రావడం ఇక్కడ కుదరదు. 87 మిగులు తెలియాలంటే 24 మిగులు తెలియాలి, 24 మిగులు తెలియాలంటే దాని పైవాటి మిగులు తెలియాలి, అందులో మళ్లీ 87 ఉంది. పాములు లెక్కను గుండ్రంగా తిప్పుతాయి. కాబట్టి సమీకరణాలన్నిటినీ ఒకేసారి సాధించాలి. కంప్యూటర్‌కి అది క్షణం పని. చేత్తో చేసేవాళ్లకి ఇంకో దారుంది. మొదట అన్ని గళ్లకీ మిగులు 0 అనుకుని, ప్రతి గడికీ 'ఒకటి, ప్లస్ పోయే గళ్ల మిగులు సగటు' అన్న సూత్రంతో కొత్త విలువ వేసి, ఆ కొత్త విలువలతో మళ్లీ అదే పని చేస్తూ పోతే సంఖ్యలు మెల్లగా స్థిరపడతాయి.

ఈ లెక్క ఫలితం 39.2 పందేలు. ఒక్కరే ఆడితే సగటున అన్ని పందేలు పడతాయి, ఆరు పడితే అదనపు పందెం లేదనీ, చివర్లో సరిగ్గా దిగాలనీ షరతు. నిచ్చెనలూ జారుడుబల్లలూ ఏవీ లేని ఉత్త నూరు గళ్లకైతే సుమారు 33 పందేలు చాలు. అంటే అన్నీ కలిసి ఆటను ఆరు పందేలు పొడిగిస్తున్నాయి.

39 అనగానే ప్రతి ఆటా అటూఇటుగా అంతే ఉంటుందని అనుకోకూడదు. అతి చిన్న ఆట 7 పందేల్లో అయిపోతుంది: నాలుగు పడి 14కి ఎక్కి, రెండు ఆర్లతో 26కి వచ్చి, రెండు పడి 28 నుంచి 84కి ఎగిరి, ఇంకో రెండు ఆర్లు, ఒక నాలుగు. ఇటువైపు 7 కంటే తగ్గదు గానీ అటువైపు హద్దు లేదు. 87లో పడుతూనే ఉండే దురదృష్టవంతుడి ఆట వందల పందేలు నడవొచ్చు. అలాంటి కొద్ది ఆటలే సగటును పైకి లాగుతాయి. ఇద్దరు ఆడితే ఇద్దరివీ కలిపి సగటున 47.76 పందేల్లో ఆట ముగుస్తుంది, అంటే మనిషికి 24 మాత్రమే. ఎందుకంటే ఆట ఆగేది ఇద్దరిలో ముందు పండినవాడి దగ్గర. మొదట పందెం వేసినవాడు గెలిచే అవకాశం 50.9 శాతం. పిల్లలు ముందు ఎవరు వేయాలని కొట్లాడుకుంటే చెప్పడానికి పనికొచ్చే సంఖ్య ఇది.

పందేల సగటు గురించి 1993లో 'మ్యాథమెటికల్ గెజెట్' పత్రికలో ఆల్తోయన్, కింగ్, షిల్లింగ్ అనే ముగ్గురు రాశారు. అదే పత్రికలో 1967లోనే ఈ ఆట మీద మార్కోవ్ చైన్ వ్యాసం ఒకటి వచ్చింది. ఆ ముగ్గురూ చూపించిన సంగతి నాకు అరుగు మీద ఎదురైనదే. ఉన్న పటంలో 79 నుంచి 81కి ఒక బుల్లి నిచ్చెన కలిపితే సగటు ఆట రెండు పందేలకు పైగా పెరిగి దాదాపు 41.9 అవుతుంది. 79లో నిలబడ్డవాడికి ఒకటి పడితే చాలు, 80 నుంచి నేరుగా 100. 81కి ఎక్కించామంటే ఆ తలుపు మూసి, ముందున్న 87, 93, 95, 98 జారుళ్ల వైపు తోసినట్టే.

తలకిందులుగా 29 నుంచి 27కి ఒక చిన్న పాము కలిపితే ఆట దాదాపు 38 పందేలకు తగ్గుతుంది. 29కి వచ్చినవాడు 28లో ఉన్న పెద్ద నిచ్చెనను తప్పిపోయాడు. పాము అతన్ని నిచ్చెన కాలికి ఒక గడి వెనక దించి, ఇంకోసారి ప్రయత్నించమంటుంది. ఈసారి రెండు పడితే మళ్లీ 29, మళ్లీ 27, మళ్లీ ప్రయత్నం. ఈ కళ్లతో చూస్తే పటంలో అన్నిటికంటే భయపెట్టే 87 జారుడు కూడా కాస్త వేరుగా కనబడుతుంది. 63 గళ్లు కిందికి పడి చేరేది 24కి, అక్కడి నుంచి నాలుగు పడితే 28, మళ్లీ 84.

మర్నాడు పొద్దున్నే కాగితం తీసుకుని అరుగు మీదికి వెళ్లాను. మా అమ్మాయికి 3 మిగులు, 5 మిగులు చూపించాను. కాసేపు వేళ్లతో లెక్కపెట్టుకుని, 3 దగ్గరి నిచ్చెన తుడిచేసి, "అయితే 5 దగ్గర పెట్టాలి. 5 నుంచి 7కి" అంది. వేసి చూశాం. 5 మిగులు 3 నుంచి 2కి తగ్గింది, ఆట సగటు 3.5కి వచ్చింది.

నేను ఆ నిచ్చెన తుడిచి, అదే 5వ గడి నుంచి 3కి ఒక పాము గీశాను. "పాము పెడితే తగ్గుతుందా బాబాయ్?" అని అనుమానంగా చూసింది. ఇప్పుడు 3లో ఉన్నవాడికి బొమ్మ పడితే 4, అక్కడి నుంచి నిచ్చెన ఎక్కి పండిపోతాడు. బొరుసు పడితే 5, పాము కరిచి మళ్లీ 3. అంటే ప్రతి పందేనికీ సగం అవకాశం, సగటున 2 పందేలు. 7లో కూర్చుని బొమ్మ కోసం చూసేవాడి పరిస్థితీ సరిగ్గా ఇదే. మొదటిదాకా లెక్క వేస్తే 2 మిగులు 2, 1 మిగులు 3, మొదలు దగ్గర 3.5. పందేల లెక్క ఒక్కటే రాసిస్తే, 5 దగ్గర నిచ్చెన ఉందో పాము ఉందో ఎవరూ చెప్పలేరు.